గ్రైండరు విషయమై చంద్రకాంతమ్మ గారికి

మే 2

పదిన్నరకు మొదలైంది, పన్నెండూ ఇరవైకి ఆగింది. సెల్లులో టైము చూసి రాసుకున్నాను. పై ఫ్లాటు చంద్రకాంతమ్మ గ్రైండరు. మనిషి మంచిదే. సత్యవేడు నుంచి తిరుపతికి వచ్చి మూడేళ్లయింది. కొడుకును చదివించుకుంటూ, ఇడ్లీ పిండి రుబ్బి ప్యాకెట్లు కట్టి నాలుగు వీధులకు అమ్ముతుంది. ఆ గ్రైండరు సరిగ్గా మా పడకగది నెత్తిన ఉంది. గుర్రుమని స్లాబంతా అదురుతుంది. అమ్మయ్య ఆగింది అనుకునేలోపు లోపలి రాతిగుండు ఎత్తి కింద పెడుతుంది. ఆ దెబ్బకు మా అల్మారా తలుపు తెరుచుకుంటుంది. తర్వాత పిండి డ్రమ్ము ఈడుస్తుంది.

ఏప్రిల్ సగం దాకా ఈ బాధ లేదు. సాయంత్రం ఎప్పుడో రుబ్బుకునేది. ఎండలు ముదిరినప్పటి నుంచి రాత్రికి మార్చింది. ఎందుకో తెలియదు.

నేను ఎనిమిదిన్నరకు పడుకునే మనిషిని. మూడింటికి లేవాలి. నాలుగుంబావుకు చిత్తూరు పోయే మొదటి బస్సు నాది. పంతొమ్మిదేళ్ల సర్వీసులో బండికి ఒక్క గీత పడలేదు. నిద్ర సరిగ్గా ఉండబట్టే అది జరిగింది.

అయినా కోప్పడను. ఈ అపార్ట్‌మెంటులో తిరుమలయ్య అంటే మర్యాదస్తుడు అని పేరు.

మే 3

పైకి పోయి ఒక మాట చెప్పి రమ్మంది మా ఆవిడ అమల. పద్దెనిమిది మెట్లట, లెక్కపెట్టి మరీ చెప్పింది. మగదిక్కు లేని ఇల్లు, నేను పోతే బాగుండదు అన్నాను. తను కూడా వస్తానంది. అప్పుడే నాకు ఫోను వచ్చినట్టయింది, బాల్కనీలోకి పోయాను.

ఎదురుగా చెబితే మాటా మాటా పెరుగుతుంది. మెసేజి అయితే నాగరికంగా ఉంటుంది.

మే 4

రాత్రి పదకొండూ నలభైకి మెసేజి రాశాను. “మీకు నిద్ర లేకపోతే ఊళ్లో అందరికీ లేదనుకున్నారా” అని మొదలుపెట్టాను. నడుమలో ఇంకా గట్టి మాటలు పడ్డాయి. గుండు శబ్దం వచ్చినప్పుడల్లా ఒక వాక్యం పెరిగింది. అమల లేచి ఫోను లాక్కుని మొత్తం చెరిపేసింది. కోపంగా ఉన్నప్పుడు రాయద్దని, పగలు రాయమని చెప్పి అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఆ మోతలో ఈమె ఎలా నిద్రపోతుందో నాకు అర్థం కాదు.

మే 5

డ్యూటీ దిగి, భోంచేసి, రెండు గంటలు కూర్చుని రాశాను. గట్టిగా ఉండాలి, స్నేహంగానూ ఉండాలి. నాకు మెసేజిలు రాయడం కొత్త కాదు. పొద్దున మూడూ పదికి దేవుని పటంతో, పూలతో, ఒక మంచి మాటతో నూట నలభై ముగ్గురికి శుభోదయం పంపుతాను. రెండేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. ఒక్కరు కూడా వద్దనలేదు.

పంపిన మెసేజి ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను, మళ్లీ ఎవరికైనా అవసరం పడితే పనికొస్తుంది.

“ఓం నమో వేంకటేశాయ. గౌరవనీయులైన సోదరి చంద్రకాంతమ్మ గారికి నమస్కారములు. మీరూ మీ కుటుంబమూ ఆ స్వామి దయవలన సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఎండలు మిక్కిలిగా ఉన్నవి, మజ్జిగ పుచ్చుకోగలరు. మానవ జన్మ దుర్లభం. ఇరుగుపొరుగు అన్నది పూర్వజన్మ బంధం. మీ పిండి ఎంతో శ్రేష్ఠమైనదని మా ఇంటావిడ చెప్పుచుండును. మీ శ్రమ రాత్రిపూట కూడా మాకు వినిపించుచుండును. శరీరానికి విశ్రాంతి అవసరమని పెద్దలు చెప్పియున్నారు. కావున అందరూ తగు సమయమున విశ్రమించిన యెడల అందరికీ శ్రేయస్కరం. ఇట్లు మీ సోదరుడు.”

పైన స్వామి పటం, కింద రెండు తామరపూలు పెట్టాను. అమలకు చదివి వినిపించాను. గ్రైండరు అనే మాట ఎక్కడుంది అని అడిగింది. అర్థం చేసుకునేవాళ్లకు అంత బట్టబయలు చేయనక్కర్లేదు అన్నాను.

మే 6

జవాబు వచ్చింది. జోడించిన చేతుల బొమ్మలు రెండు.

ఒప్పుకుంది. మర్యాదగా అడిగితే కాని పని ఉండదు. ఈ సంగతి డిపోలో నలుగురికీ చెప్పాను.

మే 7

పదీ ముప్పై అయిదు. గ్రైండరు. బహుశా నిన్న నానబెట్టిన పప్పు ఉండిపోయి ఉంటుంది, పారేయలేరు కదా.

మే 8

గ్రైండరు.

మే 9

గ్రైండరు. పన్నెండూ నలభై దాకా.

దండం పెట్టి ఒప్పుకుని మాట తప్పడం ఏం పద్ధతి? మనసు విరిగింది.

మే 10

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

పూతలపట్టు దాటాక జరిగింది. రోడ్డు ఖాళీ. చల్లగాలి. కళ్లు మూసుకున్నట్టు నాకు తెలియదు. ఎడమ చక్రం మట్టిలోకి దిగి బండి ఒకసారి ఊగింది, అప్పుడు తెలిసింది. తిప్పేశాను. లోపల ముప్పై ఒక్క మంది. పూలగంపలు పక్కకు పడ్డాయి. గుంత అని చెప్పాను, అందరూ నమ్మారు.

కండక్టరు ఏబెల్ నమ్మలేదు. ఇరవై రెండేళ్ల నుంచి డ్యూటీ చేస్తున్న మనిషి. చిత్తూరు బస్టాండులో టీ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు.

“అన్నా, గుంత లేదాడ. నేను చూస్తానే ఉండా,” అన్నాడు. “ఇంకొకతూరి అయితే నేను కంట్రోలర్‌కు చెప్పాల్సి వస్తాది. నీకు కోపం వచ్చినా సరే. నాకు ఇద్దరు పిల్లోళ్లు ఉండారు.”

భయం వేసింది. ఆ ముప్పై ఒక్క మందిలో ఒక పసిబిడ్డ కూడా ఉంది.

అంతా ఆ గ్రైండరు వల్లే.

మే 11

ఇక ఊరుకోలేదు. అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాను. పేరు రాయలేదు. “కొందరు అర్ధరాత్రి యంత్రాలు నడిపి సాటివారి ప్రాణాలతో ఆడుకుంటున్నారు. చెప్పినప్పుడు దండం పెట్టి, తర్వాత అదే పని చేస్తున్నారు. ఇది సభ్యతేనా?” అంతే. ఎవరినీ వేలెత్తి చూపలేదు. మొత్తం పన్నెండు ఫ్లాట్లలో గ్రైండరు వ్యాపారం ఒకరిదే కావడం నా తప్పు కాదు.

మే 12

తొమ్మిది మంది బొటనవేలు చూపించారు. ఎన్నడూ నా మెసేజికి ఇంత స్పందన రాలేదు.

అసోసియేషన్ సెక్రటరీ యోగానంద స్వయంగా ఇంటికి వచ్చాడు. ఆయనకు ఏడాదిగా సమావేశం పెట్టడానికి కారణం దొరకడం లేదు. ఇది శబ్దం విషయం మాత్రమే కాదట, కాపురాల ఫ్లాటులో వ్యాపారం అన్నది అసలు విషయమట. ఆదివారం మీటింగు పెట్టి తీర్మానం చేసి, ఫ్లాటు ఓనరుకు పంపి, నెలలో ఖాళీ చేయిస్తానన్నాడు. మీరే ముఖ్య సాక్షి అని నా భుజం తట్టి, రుజువుకని అయిదో తేదీ మెసేజి తన ఫోనుకు పంపించుకున్నాడు.

ఖాళీ చేయించమని నేను అనలేదు. ఆ మాట ఆయనతో అందామనుకునేలోపు కాఫీ తాగేసి లేచాడు.

మే 13

మధ్యాహ్నం మూడింటికి చంద్రకాంతమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడింది. చేతులకు పిండి ఆరిపోయి ఉంది. యోగానంద పొద్దున పోయి మీటింగు సంగతి చెప్పి వచ్చాడట.

నేను ముందే అడిగాను కదమ్మా, మీరూ సరేనని దండం పెట్టారు కదా అన్నాను. ఆమె నా ముఖం చూసింది.

“మీరు ఎప్పుడు అడిగినారన్నా?”

ఫోను తీసి అయిదో తేదీ మెసేజి చూపించాను. కళ్లు చిట్లించి పై నుంచి కిందికి జరిపి, మళ్లీ కింది నుంచి పైకి జరిపింది.

“అన్నా, మీరు పంపించేది నేను సదవను. దినామూ దేవుని బొమ్మ వస్తాది. దండం పెట్టి పక్కన పెట్టేస్తా. అందులో నా గురించి ఉంటాదని నాకెట్లా తెలస్తాది?”

ఆమె అంతటితో ఆపలేదు. పొద్దున నాలుగున్నరకు పిండి ఆర్డర్లు ఫోనుకే వస్తాయట, అందుకని రాత్రి ఫోను ఆపుకోలేదట. మొదట్లో నా శుభోదయానికి మూడింటికి ఉలిక్కిపడి లేచేదట. రెండు నెలలు ఓర్చుకుని, చివరికి కొడుకు చేత నా ఒక్కడి మెసేజిలకు ఫోను మోగకుండా చేయించి పెట్టుకుందట. దేవుని బొమ్మకు జవాబు ఇవ్వకపోతే పాపమని, తీరికైనప్పుడు వరసగా అందరికీ దండాలు పెడుతుందట.

రాత్రిపూట ఎందుకు రుబ్బుతున్నారని అప్పుడు అడిగాను. ఏప్రిల్ నుంచి అడగాల్సిన మాట.

“ఈ ఎండకు ఏడింటికి రుబ్బితే తెల్లారేలోపల పొంగి డ్రమ్ము దాటి పులిసిపోతాదన్నా. పులిసిన పిండి ఎవురు కొంటారు? ఒక్కతూరి నోరు పులుపైతే మళ్ల మా దగ్గరికి రారు. మీకు ఇబ్బందని ఒక మాట అనింటే ఏదో ఒకటి చేసుకునేదాన్ని కదా. ఊరందరికీ రాసి, నాకు మాత్రం చెప్పలేదు మీరు.”

పోతూ పోతూ, ఖాళీ చేయమంటే యాడికి పోవాల అంది. నన్ను అడిగినట్టు లేదు. మెట్లు ఎక్కుతూ తనలో తాను అనుకుంది.

మే 14

అమల ఫోను బల్ల మీద ఉంటే చూశాను. నా పేరు పక్కన, మోత ఆపిన గుర్తుగా, గంట బొమ్మ మీద అడ్డగీత ఉంది.

మే 15

యోగానంద దగ్గరికి పోయి, మీటింగు వద్దు, మేమే మాట్లాడుకుంటాం అని చెప్పాను. అజెండా ప్రింటు తీయించేశానన్నాడు. నా పేరు మొదట్లోనే ఉంది, లావు అక్షరాల్లో.

నిన్న రాత్రి గ్రైండరు మోగలేదు. ఈ రాత్రి కూడా లేదు. కొడుకుతో పప్పు పంపి చుట్టాల ఇంట్లో రుబ్బించుకుంటోందని అమల చెప్పింది. పిండి సగమే వస్తోందట, కొందరికి లేదని పంపేస్తోందట.

మోత లేదు. నిద్ర మాత్రం నిన్న కూడా పన్నెండు దాకా పట్టలేదు.

మే 18

మీటింగు అయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పార్కింగులో కుర్చీలు వేశారు. చంద్రకాంతమ్మ చివరి కుర్చీలో కొంగు బిగించుకుని కూర్చుంది. యోగానంద లేచి, ఫిర్యాదుదారు ముందుగా మర్యాదపూర్వకంగా విన్నవించుకున్నారు, అవతలివారు లెక్క చేయలేదు, ఇదిగో రుజువు అని, నా మెసేజిని అందరికీ బిగ్గరగా చదివాడు.

దేవుని పేరు అయింది. నమస్కారాలు అయ్యాయి. మజ్జిగ దగ్గర ఎవరో దగ్గారు. మానవ జన్మ దుర్లభం అన్నప్పుడు వెనక వరుసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిండి శ్రేష్ఠమైనది అన్నచోట ఇద్దరు ముగ్గురు అవును అవును అని తలలూపారు, వాళ్లు అదే పిండి కొనేవాళ్లు. యోగానంద చివరిదాకా చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

“ఇందులో అడిగింది యాడుండాది?” అంది అమల. నా భార్యే. అందరి ముందరా.

అందరూ నా వైపు తిరిగారు. అప్పటికి నాకు రెండు దారులున్నాయి. ఆ విశ్రాంతి అన్న ముక్క పట్టుకుని అదే అడగడం అని వాదించవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చంద్రకాంతమ్మ కిందికి చూస్తూ గోళ్లలో పిండి గీక్కుంటోంది.

లేచి నిలబడ్డాను. నేను ఆమెను అడగలేదు, అడిగినట్టు నాకు నేను అనుకున్నాను, అడగకుండానే గ్రూపులో పెట్టాను, తప్పు నాది అని చెప్పాను. సిగ్గు వేసింది. బస్సు మట్టిలోకి దిగిన సంగతి కూడా చెప్పేశాను. ఎవరికీ చెప్పకూడదని దాచుకున్నది పార్కింగులో పన్నెండు ఫ్లాట్ల ముందు చెప్పాల్సి వచ్చింది. అమలకు కూడా అప్పుడే తెలిసింది. ఆమె చూపు ఇప్పటికీ నా మీద నుంచి పోలేదు.

అయితే తీర్మానం సంగతి ఏమిటని యోగానంద అడిగాడు. ముందు ఈయన్ను సరిగ్గా అడగనీండి, వారంలో కుదరకపోతే అప్పుడు చూద్దాం అని అందరూ లేచిపోయారు. యోగానంద కుర్చీలు లెక్కపెట్టుకుంటూ చాలాసేపు అక్కడే తిరిగాడు.

మే 19

మధ్యాహ్నం మూడింటికి, ఆమెకు తీరిక ఉండే వేళ చూసి పంపాను. నాలుగు సార్లు రాశాను. ప్రతిసారీ అమల ఏదో ఒకటి కొట్టేసింది. మొదట దేవుణ్ని తీసేసింది. తర్వాత ఎండల సంగతి. “ఎప్పుడు చూసినా మీరు” అని రాస్తే, ఎప్పుడూ కాదు, ఏప్రిల్ నుంచే అంది. “నా ప్రాణం మీదికి తెచ్చారు” తీసేసి, జరిగింది మాత్రం రాయమంది. గంట చెప్పాలి, కారణం చెప్పాలి, కావలసింది ఒక్కటే అడగాలి, మనం చేయగలిగింది చెప్పాలి, ఆమెకు కుదరకపోతే చెప్పడానికి సందు ఉంచాలి, ఇంతే అంది. ఇరవై ఆరేళ్లుగా నన్ను పనులు అడుగుతున్న మనిషి, ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

“చంద్రకాంతమ్మా, నేను కింద 203 తిరుమలయ్యను. ఇది ఫార్వర్డు కాదు.

రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మీ గ్రైండరు మోత మా పడకగదిలోకి దిగేది. నేను మూడింటికి లేచి బస్సు నడపాలి. నిద్ర చాలక పదో తేదీ బండి మీద కన్ను మూతపడింది.

మళ్లీ ఇక్కడే రుబ్బుకోండి, తొమ్మిదిన్నర లోపల అయ్యేట్టు చూడమని అడుగుతున్నాను. పిండి పులుస్తుందన్న మీ ఇబ్బంది తెలిసింది. ఐసు నీళ్లతో రుబ్బితే వేడెక్కదని అమల చెప్పింది. మా ఫ్రిజ్‌లో కింది రెండు అరలు ఖాళీ చేశాం, ఒక చిన్న డ్రమ్ము పడుతుంది. గ్రైండరు కింద వేయడానికి మందం రబ్బరు నేను తెస్తాను. దాన్ని వంటింటి మూలకు జరపాలంటే వచ్చి ఒక చెయ్యి వేస్తాను.

తొమ్మిదిన్నర కుదరదంటే ఎంతకు కుదురుతుందో చెప్పండి. మిమ్మల్ని అడగకుండా గ్రూపులో రాయడం నా తప్పు, అక్కడ కూడా ఆ మాట రాశాను.”

పూలు పెట్టలేదు. చూడటానికి బోడిగా ఉంది.

నాలుగు నిమిషాలకు జవాబు. “సరే అన్నా. తొమ్మిదిన్నర కష్టం, పది లోపల ఆపేస్తా. రబ్బరు తెండి.”

దండం బొమ్మ లేదు.

మే 20

పంక్చర్లు వేసే షాపులో అడిగి పాత టైరు రబ్బరు రెండు ముక్కలు తెచ్చాను. ఆమె కొడుకు సునీల్‌కుమారూ నేనూ గ్రైండరు ఎత్తి వంటింటి మూలకు చేర్చాం. నడుం పట్టేసింది. గుండు దింపే చోట కూడా ఒక ముక్క వేయమని నేనే చెప్పాను. పద్దెనిమిది మెట్లే ఉన్నాయి, అమల లెక్క కరెక్టే.

మే 21

తొమ్మిదీ యాభైకి ఆగింది. మోత పూర్తిగా పోలేదు, దూరంగా ఎక్కడో రోడ్డు పని జరుగుతున్నట్టు ఉంది. అది వింటూనే నిద్రపోయాను.

మే 22

ఏబెల్ నా ముఖం చూసి, ఇప్పుడు బాగుండావన్నా అన్నాడు. కంట్రోలర్ మాట ఎత్తలేదు. ఫ్రిజ్ తెరిస్తే పిండి డ్రమ్ము. మా పెరుగు గిన్నె అల్మారాలోకి పోయింది.

పంతొమ్మిది నుంచి శుభోదయం పంపడం మానేశాను. నాలుగు రోజులైంది. నూట నలభై ముగ్గురిలో ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. నెట్‌వర్కు సరిగ్గా లేదేమో.

మే 24

మధ్యాహ్నం మూడింటికి మెసేజి వచ్చింది.

“అన్నా, నేను 303. ఇది ఫార్వర్డు కాదు. పొద్దున మూడుంబావుకు మీరు డ్యూటీకి పోయే మోటరుసైకిలు స్టార్టు చేసి అయిదు నిమిషాలు అట్లే మోగిస్తారు. పొగ, మోత రెండూ మా కిటికీలోకి వస్తాయి. ముందు ఒళ్లు తెలియకుండా పడుకుంటా ఉంటిమి, ఇప్పుడు తొందరగా పడుకుంటాం కాబట్టి మెలకువ వస్తాది. గేటు దాకా తోసుకుపోయి ఆడ స్టార్టు చేయండి. గేటు బరువైతే మా సునీల్ రాత్రే తాళం తీసి పెడతాడు. కుదరకపోతే చెప్పండి.”

ఒక నమస్కారం లేదు, క్షేమమా అని లేదు. ఇట్లా రాస్తారా ఎవరైనా పెద్దవాళ్లకు? అమలకు చూపించాను. చదివి, ఇందులో తప్పేముందో చెప్పు అంది. రెండుసార్లు చదివాను. దొరకలేదు.

“సరే అమ్మా. రేపట్నుంచి తోసుకుపోతా” అని పంపాను.

మే 25

బండి గేటు దాకా తోశాను. ముప్పై ఎనిమిది అడుగులు. గేటు తీసే ఉంది. ఇన్నేళ్లలో ఆ వేళప్పుడు మా అపార్ట్‌మెంటు ఎలా ఉంటుందో నేను వినలేదు. మొదటి అంతస్తులో పసిపిల్ల ఉంది. దాని పక్కన ఆపరేషన్ చేయించుకుని వచ్చిన పెద్దాయన ఉన్నాడు. పన్నెండు ఫ్లాట్ల కిటికీలూ గాలికోసం తెరిచే ఉన్నాయి, అన్నీ నా బండి పెట్టే చోటికే.

తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఇందరిలో ఒక్కరు కూడా నాకు ఒక్క మాట చెప్పలేదు. ఎంతో మర్యాదస్తులు.